టైఫాయిడ్ పిల్లలకు సిరప్ లెక్క

టైఫాయిడ్ అని తేలిన నాలుగేళ్ల పాప ఉందనుకోండి. మెడికల్ షాపులో 30 మిల్లీలీటర్ల సెఫిక్సిమ్ సీసా ఒకటి చేతికిచ్చి, పొద్దునా సాయంత్రం ఐదేసి మిల్లీలీటర్లు పట్టమన్నారు. మూడు రోజులకు సీసా ఖాళీ అవుతుంది. జ్వరం మాత్రం అలాగే ఉంటుంది. తల్లిదండ్రులు ఈ డాక్టర్ మందు పనిచేయలేదని ఇంకో డాక్టర్ దగ్గరికి పరిగెడతారు. ఆయన మందు మారుస్తాడు. నిజానికి మొదటి మందు పనిచేసిందో లేదో తేలే అవకాశమే అక్కడ రాలేదు. పాప ఒంట్లోకి వెళ్లిన మోతాదు తక్కువ, వెళ్లిన రోజులు ఇంకా తక్కువ.

ఈ రెండు కొరతలూ ఎలా వస్తాయో తెలియాలంటే ముందు అసలు లెక్క తెలియాలి. ఆ లెక్క కష్టమైనదేమీ కాదు. పిల్ల బరువు, సీసా మీద రాసిన బలం, కొలిచే సిరంజి, ఈ మూడూ దగ్గరుంటే పదో తరగతి చదివిన ఎవరైనా వేయగలరు. ఇది చదివి ఇంట్లో సొంతంగా మందు మొదలుపెట్టమని కాదు. డాక్టర్ రాసిన చీటీ, షాపువాడు ఇచ్చిన సీసా ఒకదానికొకటి సరిపోయాయా లేదా అని సరిచూసుకోవడానికి మాత్రమే.

ఆస్పత్రిలో చేర్చనక్కర లేకుండా, నోటితో తాగగలిగి, వాంతులు లేని పిల్లలకు టైఫాయిడ్‌లో మన దేశపు పిల్లల డాక్టర్లు సాధారణంగా రాసే మందులు రెండు. ఒకటి సెఫిక్సిమ్, రెండోది అజిత్రోమైసిన్. సెఫిక్సిమ్ మోతాదు కిలో బరువుకు రోజుకు 20 మిల్లీగ్రాములు. దాన్ని రెండు భాగాలు చేసి పన్నెండేసి గంటల తేడాతో 14 రోజులు ఇస్తారు. కొందరు కిలోకు 15 నుంచి 20 మధ్య ఎంచుకుంటారు. అజిత్రోమైసిన్ అయితే కిలోకు 10 నుంచి 20 మిల్లీగ్రాములు, రోజుకు ఒకే ఒక్కసారి, 7 రోజులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో తెచ్చిన యాంటీబయోటిక్ మార్గదర్శకంలో పిల్లల టైఫాయిడ్‌కు అజిత్రోమైసిన్ కిలోకు 20 మిల్లీగ్రాముల చొప్పున, వారం రోజులు అని ఉంది.

గుర్తుపెట్టుకోవలసిన విషయం ఏమిటంటే, ఇవే మందులు గొంతునొప్పికో, చెవిపోటుకో, మూత్రంలో ఇన్ఫెక్షన్‌కో ఇచ్చేటప్పుడు మోతాదు ఇంత ఉండదు. సెఫిక్సిమ్ మామూలు మోతాదు కిలోకు రోజుకు 8 మిల్లీగ్రాములు. అంటే టైఫాయిడ్‌కు అంతకు రెండున్నర రెట్లు కావాలి. అజిత్రోమైసిన్ కూడా మామూలుగా కిలోకు 10 చొప్పున మూడు రోజులు ఇచ్చి ఆపేస్తారు. షాపుల్లో దొరికే సీసాల సైజు, రాసేవాళ్ల చేతి అలవాటు, పక్కింటావిడ జ్ఞాపకం అన్నీ ఈ మామూలు మోతాదు చుట్టూనే అల్లుకుని ఉన్నాయి. టైఫాయిడ్ పిల్ల ఆ అలవాటులో పడితే సగం కన్నా తక్కువ మందుతో బయటపడుతుంది.

మొదట చెప్పిన పాప దగ్గరికే వద్దాం. పాప బరువు 14 కిలోలు. ఈ బరువు ఆ రోజు తూకం వేసినదై ఉండాలి. ఆరు నెలల కిందటి టీకా కార్డు మీదిది పనికిరాదు, 'పదిహేను ఉంటుందేమో' అన్న అంచనా అంతకన్నా పనికిరాదు. పెనుగులాడే పిల్లనైతే తల్లి ఎత్తుకుని ఒకసారి, ఒంటరిగా ఒకసారి తూకం మీద నిలబడి తీసివేస్తే సరిపోతుంది. పద్నాలుగును ఇరవైతో గుణిస్తే 280. అంటే రోజుకు 280 మిల్లీగ్రాముల సెఫిక్సిమ్, పూటకు 140.

ఇప్పుడు సీసా చేతిలోకి తీసుకోండి. మన దగ్గర సెఫిక్సిమ్ పొడి సిరప్ ప్రధానంగా రెండు బలాల్లో దొరుకుతుంది. ఒకదాని మీద 5 మిల్లీలీటర్లలో 50 మిల్లీగ్రాములు అని, ఇంకోదాని మీద 5 మిల్లీలీటర్లలో 100 మిల్లీగ్రాములు అని ఉంటుంది. పేరు ఒకటే, కంపెనీ ఒకటే, రంగు కూడా దాదాపు ఒకటే. పేరు చివర ఉండే చిన్న అంకె మాత్రమే తేడా. 100 బలమున్న సీసా అయితే పాపకు పూటకు 7 మిల్లీలీటర్లు కావాలి. 50 బలమున్నదైతే అదే మోతాదుకు 14 మిల్లీలీటర్లు తాగించాలి. నాలుగేళ్ల పిల్ల చేత పొద్దునా సాయంత్రం అంత సిరప్ తాగించడం ఎంత కష్టమో తాగించేవాళ్లకే తెలుసు. అందుకే టైఫాయిడ్‌కు 50 బలం సీసా ఎంచుకోవడంలో అర్థం లేదు.

మరి పాపకు దొరికిందేమిటి? 50 బలం సీసా, పూటకు 5 మిల్లీలీటర్లు. అంటే పూటకు 50, రోజుకు 100 మిల్లీగ్రాములు. కిలోకు లెక్క వేస్తే ఏడు చిల్లర. కావలసిన దానిలో సుమారు మూడో వంతు. ఇందులో ఎవరూ మోసం చేయలేదు. చీటీలో సిరప్ పేరు ఉండి, బలం రాసి ఉండకపోవచ్చు. షాపులో 100 బలం అయిపోయి 50 ఇచ్చి ఉండవచ్చు. మిల్లీలీటర్లు మాత్రం చీటీలో ఉన్నవే ఉండిపోతాయి. అందుకే డాక్టర్ దగ్గర అడగవలసినది 'ఎన్ని మిల్లీలీటర్లు?' అని కాదు. 'పూటకు ఎన్ని మిల్లీగ్రాములండీ?' అని అడిగి ఆ అంకెను చీటీ మీదే రాయించుకోవాలి. మిల్లీగ్రాములు తెలిస్తే, ఏ సీసా ఇచ్చినా షాపులోనే మిల్లీలీటర్ల లెక్క సరిచేసుకోవచ్చు.

రెండో కొరత రోజులది. పూటకు 7 మిల్లీలీటర్ల చొప్పున పాపకు రోజుకు 14, పద్నాలుగు రోజులకు 196 మిల్లీలీటర్లు కావాలి. 30 మిల్లీలీటర్ల సీసాలైతే ఏడు. ఏడు సీసాలు అనగానే ఇంట్లోవాళ్లు ఉలిక్కిపడతారు. షాపువాడు కూడా ఇంకోసారి చీటీ వైపు చూస్తాడు. కానీ లెక్క అంతే. టైఫాయిడ్‌కు సెఫిక్సిమ్ రాసి ఒకటో రెండో సీసాలతో పంపించారంటే, మిగతావి ఎప్పుడు కొనాలో చెప్పడం మరిచిపోయి ఉండాలి, లేదా చికిత్స పూర్తి లెక్క వేసి ఉండకూడదు. ఏదైనా తిరిగి అడగడంలో తప్పులేదు.

ఏడు సీసాలూ ఒకేసారి కలిపి పెట్టుకోకూడదు. నీళ్లు కలిపాక ఈ మందు బలం నిలిచేది కొద్ది రోజులే. ఎన్ని రోజులో లేబుల్ మీద ఉంటుంది. ఒక సీసా అయ్యాక ఇంకోటి కలుపుకోవాలి. కాచి చల్లార్చిన నీళ్లు గీత వరకూ పోసి, నురగ తగ్గాక మళ్లీ చూసి, తక్కువైతే గీత దాకా నింపాలి. గీత దాటితే మందు పలచనవుతుంది, తగ్గితే చిక్కనవుతుంది. ప్రతి పూటా సీసా బాగా కదపకపోతే పొడి అడుగున పేరుకుని మొదటి రోజుల్లో పలచటి మందూ చివర్లో చిక్కటి మందూ పడుతుంది. కొలతకు వంటింటి చెంచా వద్దు. చెంచాలన్నీ ఒక కొలతవి కావు. సూది లేని 10 మిల్లీలీటర్ల సిరంజి చాలు, అందులో 7 గీత స్పష్టంగా కనిపిస్తుంది.

సిరప్ బెడద వద్దనుకుంటే నీళ్లలో కరిగే మాత్రలున్నాయి. పెట్టె మీద డీటీ అని ఉంటుంది. 50, 100, 200 మిల్లీగ్రాముల్లో దొరుకుతాయి. మన పాపకు పూటకు 140 అని తేలింది కదా, డాక్టర్లు దీన్ని 150కి సరిచేసి, 100 మాత్ర ఒకటి, 50 మాత్ర ఒకటి కలిపి రాస్తారు. రోజుకు 300 అవుతుంది, కిలోకు 21 చిల్లర. ఈ కాస్త ఎక్కువతో ఇబ్బందేమీ లేదు. మాత్ర ఒక చెంచాడు నీళ్లలో వేస్తే కరిగిపోతుంది. ఫ్రిజ్ అక్కర్లేదు, కలిపిన గడువు గొడవ లేదు, లెక్క తప్పే అవకాశం బాగా తక్కువ. నన్నడిగితే రెండేళ్లు దాటిన పిల్లలకు పద్నాలుగు రోజుల చికిత్సలో సీసాల కన్నా ఇవే మేలు.

బరువు పెరిగేకొద్దీ మోతాదు అలా పెరుగుతూనే పోదు. అజిత్రోమైసిన్‌కు రోజుకు 1 గ్రాము హద్దు. సెఫిక్సిమ్‌కు పెద్దవాళ్ల మామూలు మోతాదు రోజుకు 400 మిల్లీగ్రాములు. టైఫాయిడ్‌లో కొందరు డాక్టర్లు పెద్ద పిల్లలకు అంతకు మించి ఇస్తారు. 30 కిలోల పిల్లవాడికి ఇరవై చొప్పున లెక్కేస్తే 600 వస్తుంది. అక్కడ ఎంత దాకా వెళ్లాలన్నది డాక్టర్ నిర్ణయం, ఇంట్లో వేసుకునే గుణకారం కాదు. ఆరు నెలల లోపు పసిపిల్లలకు ఈ లెక్కలేవీ వర్తించవు, వాళ్లను నేరుగా ఆస్పత్రికే తీసుకెళ్లాలి.

ఇంత మోతాదు, ఇన్ని రోజులు ఎందుకని అడగవచ్చు. టైఫాయిడ్ క్రిమి సాల్మొనెల్లా టైఫీ దాక్కునే చోటు అలాంటిది. కలుషితమైన నీళ్లతోనో తిండితోనో పేగుల్లోకి వెళ్లిన క్రిమి అక్కడి గోడలోని గ్రంథుల్లోకి చొరబడుతుంది. దాన్ని మింగి చంపవలసిన తెల్ల కణాలు మింగుతాయి, కానీ చంపలేకపోతాయి. దొంగ పోలీస్ స్టేషన్‌లోనే కాపురం పెట్టినట్టు, క్రిమి ఆ కణాల లోపలే పెరుగుతూ వాటితోపాటు కాలేయానికీ ప్లీహానికీ ఎముక మజ్జకూ చేరుతుంది. సెఫిక్సిమ్ రక్తంలో బాగానే తిరుగుతుంది గానీ కణాల లోపలికి అంత తేలిగ్గా వెళ్లదు. బయటికొచ్చిన క్రిములను వచ్చినట్టు పట్టుకుంటుంది. అందుకే మోతాదు పెంచి, రెండు వారాలు కాపు కాయాలి.

అజిత్రోమైసిన్ తీరు దీనికి పూర్తిగా ఎదురు. అది రక్తంలో ఉండేది తక్కువ, కణాల్లో చేరేది ఎక్కువ. తెల్ల కణాల లోపల దాని మోతాదు రక్తంలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది. ఒంట్లోంచి సగం బయటికి పోవడానికే మూడు రోజుల దాకా పడుతుంది. రోజుకు ఒక్కసారి ఇస్తే చాలడానికీ, వారంలో ముగించగలగడానికీ కారణం ఇదే. చివరి మోతాదు తాగాక కూడా అది కొన్ని రోజులు లోపల పనిచేస్తూనే ఉంటుంది. ఈజిప్టులో కైరో పిల్లల మీద 2000, 2004 సంవత్సరాల్లో వెలువడిన రెండు పరిశోధనల్లో అజిత్రోమైసిన్ నోటి మందును సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్‌తో పోల్చి చూశారు. మొదటిదాంట్లో కిలోకు 10 చొప్పున వారం, రెండోదాంట్లో కిలోకు 20 చొప్పున అయిదు రోజులు ఇచ్చారు. రెండింటిలోనూ జ్వరం తిరగబెట్టిన పిల్లలు ఇంజెక్షన్ తీసుకున్న వైపే ఉన్నారు, అజిత్రోమైసిన్ వైపు ఒక్కరికీ తిరగబెట్టలేదు.

మన పాపకు అజిత్రోమైసిన్ అయితే లెక్క ఇలా ఉంటుంది. కిలోకు 20 చొప్పున అదే 280 మిల్లీగ్రాములు, కానీ రోజుకు ఒకేసారి. ఈ సిరప్ కూడా రెండు బలాల్లో వస్తుంది, 5 మిల్లీలీటర్లలో 100, లేదా 200. 200 బలమైతే రోజుకు 7 మిల్లీలీటర్లు, వారానికి 49. షాపుల్లో దొరికే చిన్న సీసా 15 మిల్లీలీటర్లది, గొంతునొప్పికి మూడు రోజుల మోతాదును దృష్టిలో పెట్టుకుని చేసినట్టు ఉంటుంది. మన పాపకు అది రెండు రోజులు చాలి మూడో రోజుకు అడుగంటుతుంది. నాలుగు సీసాలు కావాలి. సీసా అయిపోయిందంటే చికిత్స అయిపోయిందన్న భ్రమ ఇక్కడే ఎక్కువ.

ఈ మందుతో కొందరు పిల్లలకు కడుపునొప్పి, విరేచనాలు వస్తాయి. చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ సిరప్‌తో కలిపి ఇవ్వకూడదు, మధ్యలో రెండు గంటలైనా తేడా ఉండాలి. గుండె లయలో పుట్టుకతో తేడా ఉన్న పిల్లలైతే ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి. సెఫిక్సిమ్ విషయంలో చెప్పవలసింది పెన్సిలిన్ జాతి మందులకు ఎప్పుడైనా దద్దుర్లు వచ్చాయా, ముఖం వాచిందా అన్నది. ఏ మందైనా తాగిన అరగంట లోపే మొత్తం వాంతి చేసుకుంటే మళ్లీ ఇవ్వమంటారు. పూటపూటా వాంతి అవుతుంటే మాత్రం నోటి మందుతో లాభం లేదు, ఇంజెక్షన్‌కు మారాలి.

రెండింటిలో ఏది మెరుగని అడిగితే, మామూలు టైఫాయిడ్‌లో నా మొగ్గు అజిత్రోమైసిన్ వైపే. నేపాల్‌లోని కాఠ్మండూలో జరిగి 2007లో వెలువడిన ఒక పరిశోధనలో సెఫిక్సిమ్ ఇచ్చినవాళ్లలో చికిత్స విఫలమైనవాళ్లు చాలా ఎక్కువగా తేలారు, జ్వరం దిగడమూ ఆలస్యమైంది. అక్కడ ఇచ్చింది వారం రోజులే. మన దగ్గర 14 రోజులు పట్టుబట్టి వాడటానికి ఇలాంటి అనుభవాలు కూడా కారణమే. అయినా సెఫిక్సిమ్‌ను పక్కన పడేయలేం. సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్‌తో ఆస్పత్రిలో మొదలైన చికిత్సను ఇంటి దగ్గర పూర్తి చేయడానికి అది ఒకే జాతి మందు. జ్వరం దిగి, పిల్ల తినడం మొదలుపెట్టాక ఇంజెక్షన్ ఆపి, మొత్తం 14 రోజులు నిండేదాకా సెఫిక్సిమ్‌తో కొనసాగించడం పిల్లల వార్డుల్లో రోజూ జరిగే పని.

మందు ఎంపికను చివరికి తేల్చేది బ్లడ్ కల్చర్. మొదటి మోతాదు పడకముందే రక్తం తీసి పంపాలి. ఒక్క పూట యాంటీబయోటిక్ పడినా క్రిమి దొరికే అవకాశం తగ్గుతుంది. ఫలితానికి రెండు నుంచి అయిదు రోజులు పడుతుంది. మన ఊళ్లలో దీని బదులు విడాల్ పరీక్ష చేసి పంపించడం అలవాటు. జ్వరమొచ్చిన మూడో రోజున చేసిన ఒక్క విడాల్ రిపోర్టును పట్టుకుని టైఫాయిడ్ అనడం ఎంత తప్పో, తగ్గాక మళ్లీ విడాల్ చేయించి ఇంకా పాజిటివ్ అని మందు పొడిగించడం అంతే తప్పు. అది చూసేది ఒంట్లో తయారైన యాంటీబాడీలను. అవి క్రిమి పోయాక కూడా నెలల తరబడి ఉంటాయి.

కల్చర్ రిపోర్టు వచ్చాక అందులో ఒక తిరకాసు ఉంటుంది. జెంటామైసిన్, అమికాసిన్ వంటి పేర్ల ఎదురుగా కొన్నిసార్లు పనిచేస్తుందన్న గుర్తు కనిపిస్తుంది. గాజు పళ్లెంలో అవి క్రిమిని చంపుతాయి, నిజమే. కణాల లోపల దాక్కున్న క్రిమిని చేరలేవు కాబట్టి టైఫాయిడ్‌కు వాటిని వాడరు. రిపోర్టులో చూడవలసినవి సెఫ్ట్రియాక్సోన్, అజిత్రోమైసిన్ వరుసలు. సెఫ్ట్రియాక్సోన్ పనిచేయదని వస్తే సెఫిక్సిమ్ కూడా పనిచేయదనే అర్థం. మన దేశంలో ఇలాంటి క్రిమి ఇప్పటికీ అరుదే. 2016లో బయటపడిన మొండి టైఫాయిడ్ హైదరాబాద్‌లో మొదలైందని చదివి మనవాళ్లు కంగారుపడుతుంటారు. అది పాకిస్తాన్ సింధ్ రాష్ట్రంలోని హైదరాబాద్. అక్కడి క్రిమి మీద సెఫిక్సిమ్ జాతి పనిచేయదు, నోటి మందుల్లో మిగిలింది అజిత్రోమైసిన్ ఒక్కటే. అక్కడి నుంచి వచ్చినవాళ్లకో, వాళ్లతో మెలిగిన పిల్లలకో జ్వరమొస్తే డాక్టర్‌కు ఆ ప్రయాణం సంగతి చెప్పితీరాలి.

సిప్రోఫ్లాక్ససిన్, ఒఫ్లాక్ససిన్ జాతి మందులు ఒకప్పుడు టైఫాయిడ్‌కు తిరుగులేనివి. ఇప్పుడు మన దేశంలోని టైఫాయిడ్ క్రిముల్లో చాలావాటి మీద అవి సరిగా పనిచేయడం లేదు. అయినా సెఫిక్సిమ్, ఒఫ్లాక్ససిన్ కలిపిన మాత్రలు షాపుల్లో విరివిగా అమ్ముడుపోతూనే ఉన్నాయి. పిల్లల విషయంలో వీటితో ఇంకో చిక్కు ఉంది. రెండు మందులూ ఒకే మాత్రలో బిగించి ఉంటే, ఒకదాని మోతాదు బరువుకు సరిచేయబోతే రెండోది లెక్క తప్పుతుంది. పిల్లలకు ఇవి వద్దనే నా మాట.

సరైన మందు సరైన మోతాదులో మొదలైందనుకుందాం. జ్వరం ఎప్పుడు దిగుతుంది? ఇంట్లోవాళ్లు మరుసటి రోజు పొద్దుటికే అని ఆశపడతారు. టైఫాయిడ్‌లో అలా జరగదు. సరిగా పనిచేస్తున్న మందుతో కూడా పూర్తిగా దిగడానికి నాలుగు నుంచి ఏడు రోజులు పడుతుంది. సెఫిక్సిమ్‌తో ఇంకా ఒకటి రెండు రోజులు అటూఇటూ. ఆ లోపు చూడవలసింది జ్వరం ఉందా లేదా అని కాదు, దాని పోకడ ఎటు ఉందన్నది. రోజుకు నాలుగుసార్లు థర్మామీటర్ పెట్టి, జ్వరం మందు ఇవ్వకముందు ఎంతుందో ఒక కాగితం మీద రాయండి. మూడో రోజున 103 డిగ్రీలు, నాలుగో రోజున 102, అయిదో రోజున సాయంత్రం మాత్రమే 101 అని ఉంటే మందు పనిచేస్తోంది. పిల్ల మజ్జిగన్నం అడగడం, లేచి కూర్చుని ఆడుకోవడం జ్వరం కన్నా ఒకరోజు ముందే కనిపిస్తాయి. ఈ దశలో మందు మార్చడం అంటే పండబోయే చేను దున్నేయడమే.

అయిదో రోజు, ఆరో రోజు వచ్చినా అంకెలు అక్కడే ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. వెళ్లేటప్పుడు చీటీ, జ్వరం కాగితంతోపాటు సీసాలు కూడా తీసుకెళ్లండి. మంచి డాక్టర్ ముందు చూసేది సీసా బలం, మీరు సిరంజిలో ఎంత గీత దాకా తీస్తున్నారు అన్నదే. అది సరిగానే ఉంటే కల్చర్ ఫలితం చూస్తారు, అసలు ఇది టైఫాయిడేనా అని మళ్లీ ఆలోచిస్తారు.

దీనికి తలకిందులుగా ఒక ఆనవాలుంది, అది చాలామందికి తెలియదు. అజిత్రోమైసిన్ మొదలుపెట్టిన ఒకటి రెండు రోజుల్లోనే జ్వరం మాయమైందంటే అందరూ సంతోషిస్తారు, అనుభవమున్న డాక్టర్ మాత్రం ఆగి ఆలోచిస్తారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ వానాకాలం, చలికాలాల్లో కనిపించే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం అజిత్రోమైసిన్‌కు అలా ఇట్టే లొంగుతుంది. పేరులో పోలిక ఉన్నా టైఫాయిడ్‌కూ దానికీ సంబంధం లేదు, అది పొదల్లోని సన్నని పురుగు కుట్టడం వల్ల వచ్చేది. చంకల్లో, గజ్జల్లో, చెవి వెనక సిగరెట్‌తో కాల్చినట్టుండే నల్లటి పొక్కు ఉందేమో చూస్తారు. అది తేలితే చికిత్స లెక్క మారిపోతుంది.

నోటి మందుతో ఇంట్లో ఉండకూడని పిల్లలున్నారు. కడుపు ఉబ్బి ముట్టుకోనివ్వకపోవడం, మలంలో రక్తం పడటం లేదా అది తారులా నల్లగా ఉండటం, పిలిస్తే సరిగా పలకకపోవడం, ఏదీ కడుపులో నిలవకపోవడం కనిపిస్తే ఆ రాత్రికే ఆస్పత్రికి వెళ్లాలి. పేగు చిల్లుపడటం వంటి ప్రమాదం ఎక్కువగా జ్వరం రెండో వారం చివర, మూడో వారంలో వస్తుంది. ఆస్పత్రిలో సెఫ్ట్రియాక్సోన్ కిలోకు 75 నుంచి 80 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు ఒకసారి నరం ద్వారా ఇస్తారు.

ఇక చివరి చిక్కు, జ్వరం దిగాక మందు ఆపేయడం. అయిదో రోజున జ్వరం దిగితే ఆరో రోజు నుంచి సెఫిక్సిమ్ సీసా అలమర ఎక్కుతుంది. పిల్ల ఆడుకుంటోంది, చేదు మందు ఇంకెందుకన్న జాలి. అప్పటికి రక్తంలో క్రిములు తగ్గాయి గానీ ఎముక మజ్జలో, కాలేయంలో మిగిలినవి అలాగే ఉంటాయి. రెండు మూడు వారాల తర్వాత మళ్లీ జ్వరం వస్తుంది, దీన్నే తిరగబెట్టడం అంటారు. పూర్తి చికిత్స చేసినా కొందరికి తిరగబెడుతుంది, అది ఎవరి తప్పూ కాదు. అలా జరిగితే మిగిలిన సీసాలోని పాత మందు సొంతంగా పట్టకూడదు. కలిపిన గడువు దాటి దాని బలం పోయి ఉంటుంది, పైగా అరకొర మోతాదు పడితే కల్చర్‌లో క్రిమి దొరకదు. మందు పట్టకుండా ముందు రక్తం తీయించాలి. క్రిమి చాలావరకు మొదటిసారి వచ్చినదే, అదే మందుకు లొంగేదే అయి ఉంటుంది. అందుకని డాక్టర్ మొదట అడిగేది కిందటిసారి పూటకు ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని రోజులు పట్టారన్నదే. పాత చీటీ, వాడిన సీసా లేబుల్ ఫోటో దగ్గరుంటే ఆ ప్రశ్నకు అక్కడికక్కడే జవాబు దొరుకుతుంది.